చింతచెట్టులో మేకు

(గ్రంథాలయ వారోత్సవాల్లో భాగంగా కందుకూరులో చేసిన ప్రసంగానికి లిఖిత రూపం)

అందరికీ నమస్కారం. నన్ను పరిచయం చేసిన మిత్రుడు ‘దయ్యాల మాస్టారు’ అన్నాడు. ముప్పై అయిదేళ్లు తెలుగు పాఠాలు చెప్పినందుకు రాని బిరుదు, ఉద్యోగ విరమణ తర్వాత ఊళ్లు తిరిగి ముసలమ్మల దగ్గర కథలు రాసుకున్నందుకు వచ్చింది. కాదనను. అయితే దయ్యం ఉందా, లేదా అని మాత్రం అడగకండి. నేను మాట్లాడబోయేది దాని పాదాల గురించి, అది కాపురముండే చెట్టు గురించి, ఆ చెట్టుకు కొట్టే మేకు గురించి.

మా ఊరు కనిగిరి నుంచి పామూరు వెళ్లే దారిలో ఉంది. ఊరు దాటాక శ్మశానం, దాని గట్టున చింతచెట్టు. ఏటా మాఘ ఫాల్గుణాల్లో ఆ చెట్టు కాయ రాల్చేవారు. మగవాళ్లు కొమ్మలెక్కి కర్రలతో కొడితే ఆడవాళ్లు కింద గోనెలు పరిచి ఏరేవారు. మధ్యాహ్నం అక్కడే సద్ది మూటలు విప్పి, చంటిపిల్లలను ఆ నీడలోనే పడుకోబెట్టేవారు. పొద్దు వాలేసరికి అదే ఆడవాళ్లు గోనెలు నెత్తిన పెట్టుకుని, చెట్టు వైపు చూడకుండా గబగబా ఊళ్లోకి నడిచేవారు. పగలంతా పులుపు ఇచ్చిన చెట్టు రాత్రికి పరాయిదైపోయేది. ఎందుకని మా నాయనమ్మను అడిగితే, ‘రాత్రిపూట అది దాని ఇల్లు నాయనా’ అనేది. దాని అంటే ఎవరిదో చెప్పేది కాదు.

తర్వాత తెలిసింది. మా ఊళ్లో ఒక కోడలు కాన్పులో పోయింది. ఆవిడను అక్కడ పూడ్చారు.

ముందుగా పాదాల సంగతి. దయ్యానికి పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయని చిన్నప్పుడు విననివాళ్లు ఈ హాల్లో ఉన్నారా? ఉంటే చేతులెత్తండి. ఒక్క చెయ్యీ లేవలేదు. రాత్రి దారిలో తెల్లచీర కట్టుకుని, జుట్టు విరబోసుకున్న మనిషి ఎదురైతే మొహం చూడవద్దు, కాళ్లు చూడమని మనకు నేర్పారు. మొహాన్ని దయ్యం మార్చుకోగలదట, మడమలను మార్చుకోలేదట.

ఈ నమ్మకం మన ఒక్కరిదే కాదు. ఉత్తరాదిన దీన్ని చుడేల్ అంటారు. అక్కడ దాని పుట్టుక గురించి స్పష్టంగా చెబుతారు. కడుపుతో ఉండగానో, పురిటిలోనో, పురిటి మైల తీరకముందో చనిపోయిన స్త్రీ చుడేల్ అవుతుంది. పంతొమ్మిదో శతాబ్దం చివర విలియం క్రూక్ అనే బ్రిటిష్ అధికారి ఉత్తర భారత విశ్వాసాలను పోగుచేశాడు. అలా చనిపోయిన స్త్రీ శవానికి ఏమేం చేసేవారో అందులో ఉంది. చేతిగోళ్లలోకి చిన్న మేకులు దించేవారు, కాలి బొటనవేళ్లను ఇనుప కడియాలతో బిగించేవారు. ఛోటానాగ్‌పూర్ వైపు ఉరావ్‌లనే గిరిజనులు చీలమండలు విరిచి మడమలు ముందుకు వచ్చేలా తిప్పి, పాదాల్లోకి పొడవాటి ముళ్లు గుచ్చి, బోర్లా పడుకోబెట్టి పూడ్చేవారట. తిరిగి వస్తూ దారి పొడవునా ఆవాలు చల్లేవారట.

ఇక్కడ కాస్త ఆగాలి. పాదాలు వెనక్కి తిరిగిన దయ్యాన్ని ఎవరో చీకట్లో చూసి మనకు చెప్పారని అనుకుంటాం. నాకు మాత్రం ఆ పాదాలను తిప్పింది మనుషులేమోనని అనుమానం. ఆమె ఇంటికి రాకూడదని మడమలు విరిచి, ఆ విరిచిన మడమలనే తర్వాత ఆమెకు గుర్తుగా చెప్పుకున్నాం. నిరూపించగలిగిన మాట కాదు. మన ప్రాంతంలో శవానికి అలా చేశారని నేను ఎక్కడా వినలేదు, కథ ఒక్కటే వచ్చి ఉండవచ్చు. కానీ ఆ కథ ఇక్కడ అంత బాగా నాటుకోవడానికి మన ఇళ్లలోనే నేల సిద్ధంగా ఉంది. చావు కార్యంలో అంతా తిరగవేసి చేస్తాం కదా! జంధ్యం అపసవ్యం, తిరగడం అప్రదక్షిణం. భుజాన కుండ పెట్టుకుని తిరిగినవాడు దాన్ని వెనక్కి వదలాలి, వదిలాక వెనక్కి చూడకూడదు. దింపుడు కళ్లం దగ్గర పాడెను దించి చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తారు. మా ఊళ్లో అక్కడి నుంచి పాడె దిశ మార్చి ఎత్తేవారు, దారి గుర్తు ఉండకూడదని. మనుషుల లోకానికి ఆ లోకం తిరగవేసిన చొక్కా అనుకుంటే, అక్కడివాళ్ల పాదాలు మాత్రం ముందుకు ఎలా ఉంటాయి?

ఇంకో సంగతి. పాడె వెంట బొరుగులు, చిల్లర చల్లుతూ వెళ్లడం అందరూ చూసిందే. శాస్త్రం తెలిసినవాళ్లు దానికి వేరే అర్థం చెబుతారు. మా నాయనమ్మ అర్థం వేరు. తిరిగి రావాలనుకుంటే అవన్నీ ఏరుకుంటూ రావాలి, ఏరేసరికి తెల్లవారుతుంది అనేది. ఉరావ్‌ల ఆవాల వెనుక ఉన్నదీ ఇదే లెక్క. దయ్యానికి కోపం ఉంటుంది, బలం ఉంటుంది, కానీ లెక్క తప్పించుకునే తెలివి ఉండదు. నేల మీద గింజ కనబడితే ఏరకుండా ముందుకు పోలేదు. పాపం, బతికినన్నాళ్లూ బియ్యంలో రాళ్లేరిన చేతులు కదా అనిపిస్తుంది నాకు.

ఇప్పుడు చెట్టు దగ్గరికి వద్దాం. చింతే ఎందుకు? వెనుక వరుసలో సైన్సు మాస్టారు నవ్వుతున్నారు. ఆయన జవాబు నాకు తెలుసు. చెట్లు రాత్రిపూట బొగ్గుపులుసు వాయువు వదులుతాయి, కింద పడుకున్నవాడికి ఊపిరాడదు, దాన్నే పెద్దలు దయ్యం అన్నారు. ఈ వివరణ ఇప్పుడు ప్రతి ఫోనులోనూ తిరుగుతోంది. మాస్టారూ, క్షమించాలి, ఇది నిలబడదు. రాత్రి ఊపిరి పీల్చని చెట్టు లేదు. వేపచెట్టూ అదే పని చేస్తుంది. మరి వేపకింద మంచం వేసుకుంటే ఆరోగ్యమని చెప్పినవారూ ఆ పెద్దలే. ఒక మనిషి ఊపిరితో రోజుకు దాదాపు ఒక కిలో బొగ్గుపులుసు వాయువు వదులుతాడు. పెళ్లింట్లో ఒకే గదిలో ఇరవైమంది పడుకుని పొద్దున్నే లేచి కాఫీ అడుగుతున్నారు కదా! ఆరుబయట, గాలి ఆడే చోట, కొమ్మల్లోని వాయువు మనిషిని చంపదు. మూఢనమ్మకానికి శాస్త్రం చొక్కా తొడిగినంత మాత్రాన అది శాస్త్రం కాదు.

అలాగని ఆ చెట్టులో ఏమీ లేదనీ అనను. చింతాకు సాయంత్రమయ్యేసరికి ముడుచుకుంటుంది. చిట్టి ఆకులు జంటలు జంటలుగా దగ్గరికి వస్తాయి, పగలు చూసిన చెట్టు రాత్రికి వేరే ఆకారంలోకి మారుతుంది. ఆకులో పులుపు ఉంది కాబట్టి వాన పడితే కిందకు కారే నీళ్లకూ ఆ గుణం ఉంటుంది. వానాకాలంలో చింతకింద వేసిన గుడారాల బట్ట చివికిపోతుందని దొరల కాలంలో రాసుకున్నారు. దట్టమైన నీడకు కింద గడ్డి కూడా సరిగా మొలవదు, ఆ నేల ఎప్పుడూ ఊడ్చినట్టు బోసిగా ఉంటుంది. ముదురు చెట్టుకు తొర్రలుంటాయి, తొర్రల్లో పైడికంటెలు. కొమ్మలకు గబ్బిలాలు. కాయ పండిన రోజుల్లో పెంకు లోపలి గుజ్జు నుంచి విడివడి డొల్లవుతుంది, గాలి వీస్తే చెట్టంతా గలగలమంటుంది. అమావాస్యనాడు ఆ చప్పుడు గజ్జెల్లా వినబడితే వినేవాడి తప్పు లేదు.

దానికింద పడుకుంటే గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు, లేవబోతే కాలూ చెయ్యీ కదలనట్టు అవుతుందంటారు. అది నిద్రలో జరిగేదే. మెలకువ ముందు వచ్చి, ఒళ్లు ఇంకా నిద్రలోనే ఉండిపోతుంది. కొన్ని సెకన్లో, ఒకటి రెండు నిమిషాలో ఉండి వదిలేస్తుంది. అలసిపోయి వెల్లకిలా పడుకున్నవాడికి ఎక్కువ. మంచం మీదా వస్తుంది, బస్సులోనూ వస్తుంది. చింతకింద వస్తే మాత్రం దానికి ఒక పేరు సిద్ధంగా ఉంటుంది.

కానీ ఇవేవీ నాకు అసలు కారణంగా అనిపించవు. గబ్బిలాలు మర్రికీ ఉన్నాయి, తొర్రలు రావికీ ఉన్నాయి. నా లెక్క వేరు. మన పడమటి మెట్టలో, ఇటు ఉదయగిరి దాకా, ఊరి బయట పెద్ద చెట్లంటే ఎన్ని రకాలు? రావికి అరుగు కట్టి నాగప్రతిమలు పెట్టాం, వేపతో పెళ్లి కూడా చేశాం. వేప పోలేరమ్మది. మర్రికి ఊళ్లో రచ్చబండ ఉంది, పంచాయితీ ఉంది. జమ్మికి దసరా ఉంది. అంత పెద్ద చెట్టయి ఉండీ ఏ దేవుడూ లేనిది చింత ఒక్కటే. దానికి బొట్టు పెట్టినవాళ్లు లేరు, దారం చుట్టినవాళ్లు లేరు. నూరేళ్లకు పైగా బతికే చెట్టు, పొలిమేరలో, శ్మశానం గట్టున, ఖాళీగా నిలబడి ఉంది. ఇటు చూస్తే ఊరు తనలో ఉంచుకోలేక, పితృదేవతల్లోనూ కలపలేక పొలిమేరకు పంపిన మనిషి. ఖాళీ ఇల్లు, ఇల్లు లేని మనిషి. ఇంకేం కావాలి?

దీనికి ఎదురు సాక్ష్యం ఒకటుంది, దాచను. తమిళనాట ఆళ్వార్ తిరునగరిలో నమ్మాళ్వారు కూర్చున్న చింతచెట్టును ఇప్పటికీ పూజిస్తారు. దాని పేరు ఉఱంగాప్పుళి, నిద్రపోని చింత. రాత్రయినా దాని ఆకులు ముడుచుకోవని అక్కడివారి నమ్మకం. చూడండి, చింతను దేవుడి చెట్టు చేయాలంటే ముందు దానికి రాత్రి నిద్ర లేకుండా చేయాల్సి వచ్చింది. ఎదురు సాక్ష్యం నా పక్షానే నిలబడిందని నా సంతోషం.

ఇక తప్పించుకునే మార్గాలు. దారినపోయేవాడి దగ్గర నిప్పు ఉండాలి, ఇనుము ఉండాలి. బండివాళ్లకు రెండూ ఉండేవి. ఇరుసుకు వేలాడే లాంతరు, చక్రానికి ఇనుప పట్టా, చేతిలో ముల్లుకర్ర. నోట్లో చుట్ట ఉండనే ఉంది. బాలింతకు తలగడ కింద కొడవలో, కత్తో పెట్టేవారు, గుమ్మానికి వేపమండలు, గదిలో సాంబ్రాణి. వీటి గురించి ఎంతైనా చెప్పవచ్చు కానీ, నేను కళ్లారా చూసిన ఒక్కటి చెబుతాను.

నేను ఆరో తరగతిలో ఉండగా మా ఇంటి వెనుక ఇంట్లో ఒక కోడలికి తొలికాన్పు అయింది. మంత్రసాని పురుడు పోసింది. మూడో రోజు చలి పెట్టి జ్వరం. నాలుగో రోజుకు మాట తేడా వచ్చింది. బిడ్డను దగ్గరికి తీసుకోలేదు, ‘వెలుతురు ఆర్పండి, నా దారి నాకు వదలండి’ అంటూ ఒకటే పలవరింత. గాలి సోకిందన్నారు. పొరుగూరి నుంచి భూతవైద్యుడు వచ్చాడు. సన్నటి మనిషి, నెమ్మదస్థుడు. అరవలేదు, కొట్టలేదు. వేపమండలతో నిమురుతూ, ‘ఎవరమ్మా నువ్వు? ఏం కావాలి?’ అని అడుగుతూ కూర్చున్నాడు. గంట గడిచాక ఆ పిల్ల ఒక పేరు చెప్పింది. అది కాన్పులో పోయిన ఆ కోడలి పేరు. ఏం కావాలంటే, ‘చీర’ అంది. ‘నాకు పుట్టింటివాళ్లు చీర పెట్టలేదు.’

ఇంట్లో ఆడవాళ్లందరూ ఏడ్చారు. భయంతో కాదు, అది నాకు అప్పుడే తెలిసింది.

కొత్త చీర తెచ్చారు. అరచేతిలో కర్పూరం వెలిగించి, మళ్లీ రానని ఒట్టు పెట్టించారు. పిల్లను ఇద్దరు పట్టుకుని చింతచెట్టు దగ్గరికి నడిపించారు. వైద్యుడు నడినెత్తి మీద ఒక పాయ తీసి ముడివేసి, ఆ ముడిని మానుకు ఆనించి, జానెడు మేకును మూడు దెబ్బల్లో దించాడు. ఆ పాయను కత్తితో కోశాడు. పిల్ల ఇటు, జుట్టు అటు. చీరను కొమ్మకు కట్టి, వెనక్కి చూడకుండా అందరూ తిరిగి వచ్చారు. తమిళనాట గింజీ ప్రాంతంలోనూ ఇదే పద్ధతి ఉందని పరిశోధకులు రాశారు. అక్కడ పట్టినవారి చేత బరువైన రాయి మోయించి చెట్టు దగ్గర పడవేయిస్తారు, ఆ తర్వాత మేకు.

ఆ రాత్రి పిల్ల నిద్రపోయింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. తెల్లవారి చూస్తే జ్వరం తగ్గకపోగా పెరిగింది, మైల వాసన ఇల్లంతా. అప్పుడు మా నాయనమ్మ లేచి, ‘చీర పుచ్చుకున్నది వెళ్లిపోయింది. ఇంకా ఏదో ఉంది, ఇది దయ్యం కాదు, బండి కట్టండి’ అంది. కనిగిరి ఆసుపత్రిలో పది రోజులు ఉంచారు. గర్భసంచికి చీము పట్టింది, ఇంకొక్క రోజు ఆగితే దక్కేది కాదని డాక్టరమ్మ కేకలేసింది. పిల్ల బతికింది. మనవలను ఎత్తింది.

నాయనమ్మ మాటను నేను ఇప్పటికీ తలచుకుంటాను. ఆవిడ భూతవైద్యుణ్ణి తప్పు పట్టలేదు, దయ్యం లేదనలేదు. అతని పని ఎక్కడిదాకానో అక్కడ గీత గీసింది. బాలింతకు చలిజ్వరం, దుర్వాసన వేసే మైల, కళ్లు మసకలూ తలనొప్పీ వచ్చి మూర్ఛలు, అంటే మనవాళ్లు గుర్రపువాతం అనేది, ఆగని రక్తం, ఇవి మేకుకు లొంగేవి కావు. మనసు చెదిరిపోవడం కూడా అంతే. వెయ్యి కాన్పుల్లో ఒకరికో ఇద్దరికో, ఎక్కువగా మొదటి రెండు వారాల్లో, నిద్ర పూర్తిగా పోయి, లేనివి వినబడి, బిడ్డకు హాని చేసుకునేంత దూరం పోతుంది. అది మందుతో నయమయ్యే జబ్బు. గాలి అనుకున్న ఇళ్లలో పోయేది సమయమే. చెట్టు దగ్గరికి పోవాలనుకుంటే పోండి, కానీ ముందు ఆసుపత్రికి పోయి రండి.

మొదటి వరుసలో ఆశా కార్యకర్త అమ్మాయి చెయ్యెత్తింది. చెప్పమ్మా. ‘ఇప్పుడు ఇలాంటి కథలు తగ్గాయి కదా మాస్టారూ, ఎందుకని?’ కరెంటు వచ్చిందని అందరూ అంటారు. నేను ఇంకోటి కలుపుతాను. 2018-20 లెక్కల్లో మన రాష్ట్రంలో ప్రాణంతో పుట్టిన లక్ష మంది బిడ్డలకు పోయిన తల్లులు 45 మంది, దేశం మొత్తానికి 97. మా నాయనమ్మ కాలంలో ప్రతి ఊళ్లోనూ అలా పోయినవాళ్ల పేర్లు రెండు మూడు ఉండేవి. పేరు లేకుండా దయ్యం పుట్టదమ్మా. మీరు ఆటోలో కాన్పుకు తీసుకుపోయిన ప్రతి పిల్లా ఒక చింతచెట్టును ఖాళీగా ఉంచుతోంది.

మేకు గురించి చెప్పాను కదా, దానికి పూర్తి భిన్నమైన పద్ధతి ఒకటి తమిళ పల్లెల్లో ఉంది, చెప్పకపోతే బాగుండదు. కడుపుతో పోయిన స్త్రీ పేరున దారిపక్కన రెండు నిలువు రాళ్లు పాతి, వాటి మీద ఒక అడ్డరాయి పెడతారు. సుమైతాంగి అంటారు, అంటే బరువు మోసేది. నెత్తిన మూటతో నడిచేవాళ్లు సాయం లేకుండానే అక్కడ మూట దించుకుని, అలుపు తీర్చుకుని, మళ్లీ ఎత్తుకోవచ్చు. దించుకోలేని బరువుతో పోయిన మనిషి పేరు మీద దారినపోయే వాళ్లందరి బరువూ దించుతారు. ఆమెకు భయపడినవాళ్లే ఆ రాయీ పాతారు. మేకు కొట్టిన చేతికంటే రాయి పాతిన చెయ్యి నాకు ఎక్కువ నచ్చుతుంది.

మా ఊరి చింతచెట్టు ఇప్పుడు లేదు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు కొట్టేశారు. మాను కోత మిల్లుకు పోయింది. నేను వెళ్లేసరికి రంపం ఆగి ఉంది. చింత చేవ మామూలుగానే గట్టిది, రోకళ్లకూ గానుగలకూ వాడేది అందుకే. అయితే ఆగింది దానివల్ల కాదు. మేకు కొట్టిన చోట చెట్టు ఏటా కొంత కొంత పెరిగి దాన్ని మింగేస్తుంది, పైకి బెరడు తప్ప ఏమీ కనబడదు. రంపపు పళ్లు లోపలి ఇనుముకు తగిలి నాలుగు విరిగాయి. మిల్లు అతను ఉలి పెట్టి ఒక్కో మేకూ తీస్తున్నాడు. ఒక్కోదాని చుట్టూ సిరా ఒలికినట్టు నల్లటి మచ్చ. పదకొండు లెక్కపెట్టాం. జానెడు మేకు ఏదో నాకు తెలియలేదు, అన్నీ తుప్పు పట్టి ఒకేలా ఉన్నాయి.

‘ఇవేం చేయమంటారు సార్?’ అన్నాడు అతను. నాకు జవాబు తోచలేదు. పాత ఇనుములో వేయడానికి అతనికి మనసొప్పలేదు, ఇంటికి తీసుకురావడానికి నాకు ధైర్యం చాలలేదు. చివరికి డబ్బాలో పోసి మిల్లు వెనుక గోడ మీద పెట్టాడు. కలపను ఊళ్లో పొయ్యిలోకి కూడా ఎవరూ కొనలేదు. ఇటుక బట్టీవాళ్లు ట్రాక్టరు తెచ్చుకుని ఎత్తుకుపోయారు.